నీ బయో గురించి

ప్రియమైన శీనూ,

నీ సందేశం అందింది. ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చేవాళ్లంతా అప్పులు ఇప్పిస్తావా, పాన్ కార్డు చేయిస్తావా అని అడుగుతున్నారని విసుక్కున్నావు. వెంటనే నీ ప్రొఫైల్ తెరిచి చూశాను. పేరు కింద ఇలా ఉంది: "ఆర్థిక సేవల నిపుణుడు. వ్యాపారాల ఎదుగుదలకు తోడు. కలలను నమ్మేవాడు." ఆర్థిక సేవలు అనగానే మన ఊళ్లో ఎవరికైనా ముందు తట్టేది అప్పే. కాబట్టి వాళ్లను అనుకోవడానికి లేదు. నువ్వు పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పని ఆ మూడు వాక్యాల్లో ఎక్కడా లేదు మరి.

ఆ పని నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. కిరాణా కొట్టువాళ్లు, మందుల షాపులవాళ్లు బిల్లులు తెచ్చి నీ బల్ల మీద పెడతారు. నువ్వు వాటిని సరిచూసి జీఎస్టీ రిటర్నులు వేస్తావు. నీ బయోకి కావలసిన సరుకంతా ఇందులోనే ఉంది: ఎవరికి, ఏం పని, ఎక్కడ. నేనైతే ఇలా రాస్తాను:

"తెనాలి చుట్టుపక్కల కిరాణా, మందుల షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తాను."

మొదట "ప్రతి నెలా" అని చేర్చాలనిపించింది గానీ వద్దనుకున్నాను. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటనివాళ్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు కదా. నీ దగ్గరికి వచ్చే చిన్న కొట్లలో అలాంటివాళ్లు ఎందరో ఉంటారు. ప్రతి నెలా అని రాస్తే ఇది మనకు కాదనుకుని వెళ్లిపోతారు. "గడువులోపు" అన్న మాటనూ వదిలేశాను. వాళ్లు బిల్లులు ఆలస్యంగా ఇస్తే ఆ మాట నిలబెట్టుకోవడం నీ చేతుల్లో ఉండదు. "నిపుణుడు" అసలే వద్దు. అది నిన్ను మెచ్చుకుంటూ ఎదుటివాళ్లు అనవలసిన మాట.

పెళ్లి హాళ్లు, హోటళ్లవాళ్లు కూడా వస్తారు కదా, వాళ్లనెందుకు వదిలెయ్యాలి అంటావేమో. వాళ్లు ఎలాగూ తెలిసినవాళ్ల ద్వారానే నీ దగ్గరికి వస్తున్నారు. బయో చదివేది నిన్ను ఎరగనివాళ్లు. మందుల షాపు నడిపే మనిషికి "మందుల షాపులకు" అన్న మాట కనబడితే చాలు, గడువు తీరిన మందులు వెనక్కి పంపినప్పుడు వచ్చే క్రెడిట్ నోట్ల గొడవ ఇతనికి తెలిసే ఉంటుందని అనుకుంటాడు. అన్ని వ్యాపారాలకూ అని రాస్తే ఆ ధీమా కలగదు.

ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150 క్యారెక్టర్లే ఇస్తుంది. తెలుగులో రాసేటప్పుడు గుణింతపు గుర్తులు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. "వేస్తాను" అన్న మాట చూడటానికి మూడక్షరాలే, లెక్కలో మాత్రం 8. అయినా పై వాక్యం మొత్తం 68లో సరిపోయింది. మిగిలిన చోటులో ఏ వేళల్లో ఫోను చేయవచ్చో రాయి, చాలు.

ఇంకొకటి. పేరు రాసే గడిలో నీ పేరు ఒక్కటే ఉంది. జనం వెతికేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ గడిని కూడా చూస్తుంది. మన ఊరివాళ్లు ఫోనులో ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాలే కొడతారు కాబట్టి నీ పేరు పక్కన `GST Tenali` అని చేర్చు. అక్షరదోషాలు సరిచూసుకున్నాకే సేవ్ చెయ్యి. 14 రోజుల్లో రెండుసార్లకు మించి పేరు మార్చనివ్వరు.

లింక్డ్‌ఇన్ సంగతి వేరు. కిరాణా కొట్టు ఆయన అక్కడ నిన్ను వెతకడు. నిన్ను చూసేది చేతినిండా పని ఉన్న ఆడిటర్లు, అకౌంటెంటు కోసం చూస్తున్న కంపెనీలు. అక్కడ హెడ్‌లైన్ మనం రాసుకోకపోతే ఉద్యోగం పేరు, సంస్థ పేరు కలిపి అదే పెట్టేస్తుంది. నీది ఇప్పుడు అలాగే ఉంది. దానికి 220 క్యారెక్టర్ల దాకా చోటుంది గానీ, నువ్వు ఎక్కడైనా వ్యాఖ్య రాసినప్పుడు నీ పేరు కింద మొదటి కొన్ని మాటలే కనిపించి మిగతాది తెగిపోతుంది. అందుకని జీఎస్టీ రిటర్నులన్న మాట ముందు రావాలి, ఊరు ఆ తర్వాత. ఆడిటర్లు అప్పగించే పని కూడా తీసుకుంటావని చివర్లో రాయి. డిగ్రీలు, సర్టిఫికెట్లు కింద వాటి చోట్లో ఉంటాయి, హెడ్‌లైన్‌లో ఇరికించకు.

మార్చాక చెల్లెమ్మకు కాకుండా, నీ పని గురించి ఏమీ తెలియని ఎవరికైనా ఒక్క క్షణం చూపించి ఫోను వెనక్కి తీసుకో. "ఇతనికి ఎవరు, ఎందుకు ఫోను చేస్తారు?" అని అడుగు. "లెక్కలేవో చూస్తాడట" అన్నారంటే వాక్యం ఇంకా పలచగా ఉన్నట్టే. "షాపులవాళ్లు, జీఎస్టీ కోసం" అంటే ఇక దాన్ని కదపకు. ఏమన్నారో నాకు రాయి. లింక్డ్‌ఇన్ వాక్యం కూడా పంపితే ఈ ఆదివారం కూర్చుని చూస్తాను.

నీ
రాము