ఆదివారం పిల్లి వస్తోంది

చిట్టితల్లీ,

ఆదివారం సాయంత్రం గుంటూరు నుంచి బెజవాడ వచ్చేటప్పుడు పిల్లిని తీసుకొస్తాను. ఈలోపు తమ్ముడికి నువ్వే కొంచెం నేర్పాలి. వాడికి నాలుగేళ్లు కదా, నేను ఫోన్లో చెప్పే దానికన్నా నువ్వు చేసి చూపించేదే వాడికి ఎక్కుతుంది.

వచ్చిన రోజు దాని జోలికి వెళ్లొద్దు. వెనకగదిలో అట్టపెట్టె పక్కకి వాల్చి, పాత లుంగీ పరిచి ఉంచండి. అందులో దూరితే బయటికి లాగకూడదు. దాక్కునే చోటుంటే పిల్లి గీరేదాకా రాదు.

అదే బయటికొచ్చాక నేలమీద కూర్చుని, ఒక వేలు దాని ముక్కు ఎత్తులో చాపి ఆగు. వాసన చూసి బుగ్గ రాసిందంటే ముట్టుకోవచ్చు. బుగ్గల మీద, గడ్డం కింద, చెవుల మొదట్లో రెండు వేళ్లతో నిమురు. మూడు లెక్కపెట్టి చెయ్యి తీసెయ్. తల మళ్లీ నీ చేతికి ఆనిస్తే ఇంకో మూడు. మొహం తిప్పుకున్నా, లేచి వెళ్లినా ఆరోజుకి చాలన్నట్టే, వెంటపడొద్దు.

తమ్ముడు తోక దగ్గర పొరబడతాడు. వీధిలో కుక్క తోకాడిస్తే సంతోషమని వాడికి తెలుసు. పిల్లి సంగతి వేరు. పడుకున్న పిల్లి తోక కొస టపటపా కొడుతుంటే విసుగొస్తోందని. ఆ తర్వాత వీపు మీద చర్మం జలదరిస్తుంది, చెవులు పక్కలకి వాలతాయి, తల నీ చేతివైపు చటుక్కున తిరుగుతుంది. ఆ తర్వాతే పన్ను. చెప్పకుండా కరిచింది అంటారు గానీ, చాలాసార్లు అది ముందే చెప్పి ఉంటుంది. తోక కొస దగ్గరే చెయ్యి తీసెయ్యాలి. గుర్రుగుర్రుమంటోంది కదా అని నమ్మకండి, భయమేసినా, నొప్పున్నా కూడా పిల్లి అలా అంటుంది.

వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే, పొట్ట నిమరమని కాదు. అక్కడ చెయ్యి పెడితే నాలుగు కాళ్లతో పట్టేస్తుంది. పట్టేస్తే చెయ్యి లాక్కోవద్దు, కదిలే చెయ్యి దానికి ఎలుకలాంటిదే, ఇంకా బిగిస్తుంది. కదలకుండా ఉంటే చాలాసార్లు అదే వదులుతుంది. అందుకే వేళ్లతో ఆడించే ఆట మన ఇంట్లో వద్దు. పుల్లకి గుడ్డపేలిక కట్టి ఆడించండి.

గీరినా, కరిచినా దాచొద్దు. తిడతామని తమ్ముడు దాచేస్తాడేమో, ఎవరూ తిట్టరని ముందే చెప్పు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అమ్మకి చెబితే ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. పెంపుడు పిల్లే అయినా కుక్క కరిస్తే వేసే సూదులు వేయించాల్సి రావచ్చు.

శనివారం దాకా వాడి ఎలుగుబంటి బొమ్మ మీద మూడు లెక్కపెట్టి ఆగడం చేయించు. మధ్యలో నువ్వు "తోక!" అని అరువు, వాడు చెయ్యి తీసెయ్యాలి.

మీ నాన్న