గ్రూప్ ఫొటోలో మిగతా నలుగురి సంగతేంటి?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం. 2025 సెప్టెంబరులో సెల్ఫీ ఇస్తే ఏఐ చీర కట్టించి చూపే ఫొటోల సందడి మీకూ గుర్తుండే ఉంటుంది. ఎవరి సెల్ఫీ వాళ్లు ఇచ్చుకుంటే వాళ్లిష్టం. నా గోడు పక్కవాళ్ల ఫొటోల గురించి.

హాస్టల్ ఫేర్‌వెల్‌లో ఐదుగురు అమ్మాయిలు దిగిన ఫొటో ఉందనుకోండి. అందులో ఒకమ్మాయి దాన్ని ఏఐతో కొత్త ఫొటోలు చేసిచ్చే సైట్‌లో పెట్టి, షరతులు చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ నొక్కింది. మిగతా నలుగురికి ఆ సంగతే తెలియదు. ఆ ఫొటోతో ఏఐ మోడల్‌కు నేర్పొద్దని, అంటే ట్రైనింగ్‌కు వాడొద్దని చెప్పే సెట్టింగ్ ఉన్నా, అది ఎక్కించినమ్మాయి అకౌంట్‌లో ఉంటుంది. ఆమె హిస్టరీలోంచి ఫొటో తీసేసినా సర్వర్‌లోని కాపీ, బ్యాకప్ వెంటనే పోతాయన్న భరోసా లేదు. ఈలోగా ట్రైనింగ్‌కు వాడేస్తే, ఫైలు చెరిపినంత మాత్రాన మోడల్ నేర్చుకున్నది చెరిగిపోదు.

ఆ నలుగురిలో ఒకరు తీసేయమని అడిగితే, ఏ అకౌంట్ అంటారు సైట్‌వాళ్లు. ఆమెకు అకౌంటే లేదు. నువ్వేనని రుజువు చూపించు అంటే, ముఖం దాచుకోవడానికి మరో ఫొటో, గుర్తింపు కార్డు ఇవ్వాలన్నమాట!

మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందా? సొంత పనికి ఫొటో వాడుకున్న స్నేహితురాలికి సెక్షన్ 3 మినహాయింపు ఇస్తుంది. అది సబబే, ఫ్రెండ్ మీద కేసు ఎవరికి కావాలి? కంపెనీకి ఆ మినహాయింపు లేదు. చిక్కంతా సెక్షన్ 12లో ఉంది. తాను ముందుగా సమ్మతి ఇచ్చిన డేటానే చెరిపించుకునే హక్కు అది ఇస్తోంది. ఆ నలుగురు అసలు సమ్మతే ఇవ్వలేదు. అంటే ఒప్పుకున్నమ్మాయికి హక్కుంది, అడగకుండానే ఎవరి ఫొటో వాడేశారో ఆ అమ్మాయికి లేదు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 17వ ఆర్టికల్ చూడండి, చట్టవిరుద్ధంగా వాడిన డేటానూ చెరిపించుకోవచ్చని విడిగా రాశారు.

ట్రైనింగ్ జరిగిపోయాక ఏం చేయలేమని కంపెనీలు అంటాయి. అమెరికాలో ఎవర్ అనే ఫొటో యాప్, అకౌంట్ మూసేసినవాళ్ల ఫొటోలు కూడా అట్టిపెట్టుకుంది. 2021లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాటితోపాటు, యూజర్ల ఫొటోలతో తయారుచేసిన ముఖ గుర్తింపు మోడళ్లను కూడా చెరిపించింది. మన డేటా రక్షణ బోర్డుకూ ఆ అధికారం స్పష్టంగా రాసివ్వండి.

2025 నవంబరులో మన చట్టం నిబంధనలు నోటిఫై చేశారు. ముఖ్యమైనవి 18 నెలల తర్వాతే అమలవుతాయి. ఆలోపు సెక్షన్ 12 సవరించి, సమ్మతి ఇవ్వనివాళ్లకూ చెరిపించుకునే హక్కు కల్పించండి. అకౌంట్ లేకున్నా, ఆ ఫొటో కాపీ చూపిస్తే చాలు ఫిర్యాదు తీసుకోవాలని, ఆధార్ అడగకూడదని చెప్పండి. ఎక్కించిన ఫొటో ఎన్ని రోజులు ఉంచుతారో, బ్యాకప్‌తో సహా, అప్‌లోడ్ బటన్ పక్కనే తెలుగులో రాయించండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పౌరురాలు