మీ జవాబులో ‘అసలైనదే’ అన్న మాట గురించి

అమలాపురం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా

మీ సంస్థ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: లైటు వెలుగుతూ పాడే బాతు బొమ్మ. నేను పంపిన ఏడు ఫోటోలు చూసి మీ కస్టమర్ కేర్ వారు ఇచ్చిన తప్పు జవాబు.

అయ్యా,

మా బాబుకు పద్నాలుగు నెలలు. కోత కోసిన పొలాల్లో బాతుల గుంపు కనిపిస్తే చాలు, చేతిలో అన్నం ముద్ద కూడా వదిలేస్తాడు. అందుకని మీ యాప్‌లో 649 రూపాయలు పెట్టి ఒక బాతు బొమ్మ కొన్నాను. తాడు పట్టుకుని లాగితే పాట వస్తుంది, కళ్ళలో లైట్లు వెలుగుతాయి. రెండో రోజుకే చక్రం మీది మూత ఊడి బాబు చేతిలోకి వచ్చింది. నోట్లో పెట్టుకునేలోపు మా అత్తయ్య చూశారు కాబట్టి సరిపోయింది.

ఫిర్యాదు చేస్తే మీవాళ్ళు ఫోటోలు పంపమన్నారు. ఏడు పంపాను. రెండు రోజుల తర్వాత వచ్చిన జవాబు ఇది: ‘ఫోటోలు పరిశీలించాం. ఐఎస్ఐ మార్కు, సీఈ మార్కు స్పష్టంగా ఉన్నాయి. వస్తువు అసలైనదే.’ పెళ్ళికి ముందు ఐదేళ్ళు హైదరాబాదులో ప్లాస్టిక్ సామాన్ల టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేశాను. మార్కు ఉందని చూడటం వేరు, మార్కు ఏం చెబుతోందో చదవటం వేరు. మీవాళ్ళు మొదటిదే చేశారు. అవే ఫోటోలను ఈసారి నాతో పాటు చదవండి.

మొదటి ఫోటో పెట్టె పక్క భాగానిది. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 9873 అని, కింద CM/L తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయి. నకిలీ సరుకు మీద తరచూ గుర్తు ఒక్కటే ఉంటుంది, నంబరు ఉండదు. ఇక్కడ నంబరు ఉంది కాబట్టే మీవాళ్ళు నమ్మి ఉంటారు. కానీ ఆ నంబరును ఒక్కసారి కొట్టి చూడాల్సింది. ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి BIS Care యాప్‌లో Verify Licence Details అనే చోట నంబరు వేస్తే, ఆ లైసెన్సు ఎవరిది, ఫ్యాక్టరీ ఎక్కడ, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇప్పుడు చెల్లుతోందా లేదా అన్నీ వస్తాయి. నేను వేశాను. నంబరు నిజమైనదే, చెల్లుతోంది కూడా. అయితే యాప్‌లో వచ్చిన కంపెనీ పేరు మా పెట్టె మీద ఎక్కడా లేదు. పెట్టె మీద ఇంకెవరిదో పేరు, వేరే రాష్ట్రం చిరునామా.

ఇంతకంటే పెద్ద తేడా ఇంకొకటుంది. ఆ లైసెన్సు ఇచ్చింది కరెంటుతో గానీ బ్యాటరీతో గానీ పనిలేని బొమ్మలకు. వాటికి ఐఎస్ 9873 మొదటి భాగం కింద లైసెన్సు ఇస్తారు. పాట పాడి లైటు వెలిగే బొమ్మ ఎలక్ట్రిక్ బొమ్మ కిందికి వస్తుంది. దాని లైసెన్సు ఐఎస్ 15644 కింద ఉండాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి రెండు రకాలకూ ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అంటే ఈ పెట్టె మీది నంబరు నిజంగా ఆ తయారీదారుదే అనుకున్నా, ఈ బాతుకు వర్తించదు. ఎవరో ఇంకొకరి నంబరు తెచ్చి అచ్చు వేసుకున్నారని నా అనుమానం. అసలు లైసెన్సుదారుకు ఈ సంగతే తెలియకపోవచ్చు. అందుకే ఆ నంబరు, ఆ కంపెనీ పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. ఫోటోలో చూసుకోండి.

రెండో ఫోటో నేను తీసింది కాదు, మీ యాప్‌లోని అమ్మకం పేజీదే. అందులో పెట్టె ఏటవాలుగా ఉంది, దాని మీది రాతలన్నీ ఆ వాలుతోనే వంగాయి. ఐఎస్ఐ గుర్తు మాత్రం నిటారుగా, తెల్లగా, నీడ లేకుండా నిలబడి ఉంది. పైగా అక్కడ గుర్తు పెట్టె ముందు వైపు కనిపిస్తుంది, నాకొచ్చిన పెట్టె మీద అది పక్కన ఉంది. కంప్యూటర్లో అతికించారని చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు.

మూడో ఫోటో లేబులుది. దీని గురించి ఎక్కువ చెప్పను. తయారైన నెల, సంవత్సరం లేవు, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు లేదు, ఎంఆర్‌పీ మీద ఇంకో ఎంఆర్‌పీ స్టిక్కరు అంటించి ఉంది. మీ పేజీలో తయారైన దేశం ఇండియా అని ఉంటే, బాతు కడుపు లోపల అచ్చులో చైనా అక్షరాలు ఉన్నాయి. అచ్చు దిగుమతి చేసుకుని ఇక్కడ పోసినవాళ్ళూ ఉంటారు కాబట్టి దాని ఒక్కదాని మీద తీర్పు చెప్పను. అడగాల్సిన ప్రశ్న మాత్రం అవుతుంది, మీరు అమ్మినవాణ్ణి అడగండి.

నాలుగో ఫోటోలో సీఈ అక్షరాలు. దాన్ని మీవాళ్ళు యూరప్ సర్టిఫికెట్ అన్నారు. అది తయారీదారు తనంతట తాను యూరప్ నిబంధనలు పాటించానని వేసుకునే గుర్తు. ఇక్కడ అమ్మడానికి అది ఐఎస్ఐకి బదులు కాదు. ఆ గుర్తుకు కొలతలున్నాయి, అసలుదానిలో రెండు అక్షరాల మధ్య బాగా ఎడం ఉంటుంది. ఈ పెట్టె మీద రెండూ కవల అరటిపళ్ళలా అతుక్కుని ఉన్నాయి.

అయిదో ఫోటో దగ్గర దయచేసి ఆగండి, నాకు నిద్ర పట్టనిది దీనితోనే. బాతు పొట్ట కింద బ్యాటరీ గది. మూతకు స్క్రూ లేదు. గోటితో తీస్తే వస్తుంది. లోపల మూడు బటన్ సెల్స్. ఒక్కొక్కటి శనగగింజ కంటే కాస్త పెద్దది, అంతే. బటన్ సెల్ పిల్లాడి అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలి కరెంటు పుడుతుంది, కొన్ని గంటల్లోనే లోపల కాలిపోతుంది. అందుకే ఇంత చిన్న సెల్స్ ఉన్న బొమ్మలో, అది ఏ వయసు పిల్లలదైనా, పనిముట్టు లేకుండా మూత రాకూడదు. పెట్టె వెనక ‘మూడేళ్ళలోపు వారికి కాదు’ అని చిన్న అక్షరాల్లో ఉంది కదా అని మీ ఏజెంటు ఫోన్లో అన్నారు. ముందువైపు ‘1+’ అని, పాకే పసిపాప బొమ్మ వేసి వెనక్కి తిప్పితే మూడేళ్ళని రాస్తే ఎలాగండీ? పైగా ఈ మూత విషయంలో వయసు మాట అసలు పనికిరాదు.

ఆరో ఫోటో ఊడిన చక్రం మూతది, పక్కన స్కేలు పెట్టి తీశాను. వెడల్పు 22 మిల్లీమీటర్లు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో ఊడే ముక్క ఎంత చిన్నదైతే ప్రమాదమో చెప్పడానికి ల్యాబుల్లో ఒక గొట్టం ఉంటుంది. దాని లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒక వైపు 25.4, ఇంకో వైపు 57.1. ముక్క నొక్కకుండా, ఏ దిక్కున పెట్టినా సరే, పూర్తిగా లోపల పడిందంటే అది గొంతుకు అడ్డం పడగల ముక్కే. ఇంట్లో ఆ గొట్టం లేదు. పది సెంటీమీటర్లకు పిసరంత తక్కువ పొడవున్న అట్ట ముక్కను అంచులు తగిలేలా చుడితే దాదాపు అదే వెడల్పు వస్తుంది. మూత అందులో గలగలమని పడిపోయింది. నేను బలంగా లాగలేదు, బాబు గచ్చు మీద కొడితేనే ఊడింది. ల్యాబులో అయితే కింద పడేసి, తర్వాత పట్టుకుని లాగి చూస్తారు. వెడల్పాటి ముక్క 70 న్యూటన్ల లాగుడుకు, అంటే ఏడు కిలోల బరువు వేలాడదీసినంతకు, ఊడకూడదు.

ఏడో ఫోటోలో బాతు ముక్కు నారింజ రంగు తడి దూదికి అంటుకుంది. ఇక్కడ నేను మీవాళ్ళు చేసిన తప్పు చేయదలచుకోలేదు. అందులో సీసం ఉందని నేను అనడం లేదు. ఫోటో చూసి ఆ మాట ఎవరూ అనలేరు. పొట్టలోని యాసిడ్ లాంటి పలచటి ద్రావణంలో, ఒంటి వేడి దగ్గర రంగు పొడిని రెండు గంటలు ఉంచి, అందులోకి ఎంత దిగిందో కొలవాలి. సీసం పరిమితి కిలోకు 90 మిల్లీగ్రాములు. రెక్కల మెత్తటి ప్లాస్టిక్‌లో, దాన్ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లు అనే రసాయనాలు ఉన్నాయో లేదో కూడా అంతే, ల్యాబే చెప్పాలి. ఆ రెక్కలు ఘాటుగా వాసన వేస్తున్నాయి. అయినా వాసన వచ్చిందల్లా విషమూ కాదు, వాసన లేనిదల్లా మంచిదీ కాదు. నేను చెప్పలేనన్నట్టే మీరూ ‘చెప్పలేం’ అనాల్సింది. అలాంటిది ‘వస్తువు అసలైనదే’ అని ఏ ఫోటో చూసి రాశారు?

ఈ గొడవంతా విని మా అత్తయ్య, ‘మరి ఏటికొప్పాక బొమ్మల మీద ఐఎస్ఐ ఉంటుందా?’ అన్నారు. ఉండనక్కర్లేదు. రిజిస్టరైన హస్తకళాకారులు చేసి అమ్మేవాటికీ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైన హక్కుదారులు చేసేవాటికీ మినహాయింపు ఉంది. మీ అమ్మకందారుది ఆ కోవ కాదు. అంతర్వేది తీర్థంలో కొనుంటే ఎవరిని అడిగేవాళ్ళం, ఆ కొట్టు మర్నాటికి ఉండదు. మీకు చిరునామా ఉంటుందనే ధైర్యంతో మీ దగ్గర కొన్నాం.

నేను కోరేది ఇదీ. ఆ పేజీని ఇప్పుడే ఆపండి. అమ్మకందారు పూర్తి పేరు, చిరునామా నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ బాతును కొన్న మిగతావాళ్ళకు బ్యాటరీ మూత, చక్రం మూతల సంగతి తెలియజేయండి. కొందరి ఇళ్ళలో అది ఇప్పటికీ గచ్చు మీద తిరుగుతూ ఉంటుంది. నా డబ్బు వాపసు ఇవ్వండి. బొమ్మను మాత్రం తిరిగి పంపను. మీ రిటర్న్ సరుకు మళ్ళీ ఎవరి ఇంటికి వెళ్తుందో నాకు తెలియదు, పైగా సాక్ష్యం నా దగ్గర ఉండాలి. బీఐఎస్ వారు గానీ ల్యాబు గానీ అడిగితే సీలు వేసి ఇస్తాను. ఇకమీదట ఇలాంటి ఫిర్యాదు వస్తే మీవాళ్ళు ‘మార్కు ఉన్న ఫోటో’ అని అడగకుండా, నంబరు చదవగలిగేలా మెరుపు లేకుండా తీసిన ఫోటో, మొత్తం లేబులు, బ్యాటరీ గది, స్కేలుతో పాటు ఊడిన ముక్క అడగమనండి. నంబరు యాప్‌లో వేశాకే జవాబు రాయమనండి.

ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీరు 48 గంటల్లో ఈ ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ గడువు దాకా ఆగుతాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. బీఐఎస్‌కు మాత్రం ఆగను, ఫోటోలతో సహా BIS Care లో ఫిర్యాదు ఈ రోజే పెట్టాను.

జత: ఏడు ఫోటోలు, BIS Care లో వచ్చిన లైసెన్సు వివరాల స్క్రీన్‌షాట్, మీ ‘అసలైనదే’ జవాబు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు