తాళాలు కాదు, ముందు ఓసీ చూపండి

సంపాదక మహాశయులకు,

సర్జాపుర రోడ్డులోని అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు ఆలస్యంపై బిల్డరు మీ పత్రికకు ఇచ్చిన వివరణ చదివాం. అందులో ఫ్లాట్లు కొని, ఇప్పటికీ బెంగళూరులో అద్దె ఇళ్లలోనే ఉంటున్న వారి సంఘం తరఫున ఈ జవాబు రాస్తున్నాం.

ఇంటీరియర్ పనుల కోసం తాళాలు ఇస్తున్నాం కాబట్టి ఫ్లాట్లు అప్పగించినట్టేనని బిల్డరు అంటున్నారు. కానీ భవనంలో నివాసం ఉండవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, ఇంకా రాలేదు. దాన్ని తెచ్చే బాధ్యత రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టమైన రెరాలోని సెక్షన్ 11 ప్రకారం బిల్డరుదే. రెండు నెలల్లో ఫ్లాటు స్వాధీనం చేసుకోవాలని సెక్షన్ 19 కొనుగోలుదారుకు పెట్టిన గడువు కూడా ఓసీ వచ్చాకే మొదలవుతుంది. తాళాలతో పాటు సంతకానికి ఇస్తున్న కాగితంలో ‘స్వాధీనం తీసుకున్నాం, ఆలస్యంపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అనే వాక్యం ఉంది. అసలు ప్రమాదం ఇదే. సంతకం పెడితే ఆ రోజుతో ఆలస్యం ముగిసిందని బిల్డరు వాదిస్తారు, మెయింటెనెన్స్ వసూలు కూడా మొదలుపెడతారు. సభ్యులెవరూ ఆ కాగితంపై సంతకం పెట్టవద్దని చెప్పాం.

ఒప్పందం ప్రకారం చదరపు అడుగుకు నెలకు 5 రూపాయల పరిహారం చాలన్నది బిల్డరు రెండో మాట. అంటే 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు నెలకు 6,000. ప్రాజెక్టులోనే కొనసాగే కొనుగోలుదారుకు, ఫ్లాటు అప్పగించేదాకా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ ఇవ్వాలని సెక్షన్ 18 చెబుతోంది. కర్ణాటక నియమాల్లో ఆ రేటు ఎస్‌బీఐ తన రుణాలకు ఆధారంగా ప్రకటించే ఎంసీఎల్‌ఆర్ వడ్డీ రేట్లలో అత్యధికానికి 2 శాతం కలిపితే వచ్చేది. అది 11 శాతం అనుకుందాం. 60 లక్షలు కట్టిన వారికి ఏడాదికి 6 లక్షల 60 వేలు, నెలకు 55,000 రావాలి. మేం వాయిదా ఆలస్యం చేస్తే ఇదే ఒప్పందం 18 శాతం వడ్డీ వేస్తుంది. ఇరుపక్షాలకూ ఒకే రేటు ఉండాలన్న చట్టానికి ఇది విరుద్ధం.

రెరా సంస్థ గడువు పొడిగించిందన్న బిల్డరు వాదనా నిలవదు. పొడిగింపు దొరికింది ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కు. సెక్షన్ 18 చూసేది మా ఒప్పందంలో రాసిన అప్పగింత తేదీని. కూలీలు దొరకలేదు, సిమెంటు ధర పెరిగింది అన్న కారణాలు కూడా సెక్షన్ 6 చెప్పే యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం వంటి వాటి కిందికి రావు.

కాబట్టి బిల్డరు 15 రోజుల్లో మాకు రాతపూర్వకంగా మూడు విషయాలు తెలపాలి. ఓసీ దరఖాస్తు నకలును, ఏ శాఖ అనుమతి ఎక్కడ ఆగిందో ఆ వివరాన్నీ ఇవ్వాలి. క్లెయిము వదులుకునే వాక్యాన్ని తొలగించినట్టు చెప్పాలి. ఒప్పంద తేదీ నుంచి ఇప్పటిదాకా ఒక్కొక్క ఫ్లాటుకు రావాల్సిన వడ్డీ లెక్క పంపాలి. జవాబు రాకుంటే సెక్షన్ 31 కింద సంఘం పేరుతోనే కర్ణాటక రెరాలో ఫిర్యాదు దాఖలు చేస్తాం. ఒప్పందాలు, చెల్లింపు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధంగా ఉన్నాయి.

భవదీయులు,
కార్యవర్గం, ఫ్లాటు కొనుగోలుదారుల సంఘం, బెంగళూరు