పదో తరగతి చీటీ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ వారం మీ వాట్సాప్ గ్రూపులో తిరిగిన చీటీ గురించి చాలామంది నాకు ఫోన్ చేశారు. కామెర్లతో ఆరు వారాలు మంచాన పడి, సోమవారం బడికొచ్చిన మన పదో తరగతి అమ్మాయి లెక్కల మాస్టారికీ, తోటి పిల్లలకీ రాసిన చీటీ అది. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టినవాళ్లు ఎవరో నేను అడగను. కానీ ఒక ఆడపిల్ల జబ్బు సంగతి ఊరంతా తిప్పడం పద్ధతి కాదని మాత్రం చెప్పాలి. సగం చదివి మాట్లాడుతున్నవాళ్ల కోసం, ఆ పిల్లనీ వాళ్లమ్మనీ అడిగి, అసలు మాటలు ఇక్కడ ఇస్తున్నాను.

"మాస్టారికి నమస్కారం. నేను లేనప్పుడు రేఖీయ సమీకరణాల జత, వర్గ సమీకరణాలు అయిపోయాయి. ఇప్పుడు శ్రేఢులు చెప్తున్నారు. అన్నీ ఒకేసారి చదవలేను, మధ్యాహ్నం దాటితే నీరసం వస్తోంది. ఈ పాఠం అర్థం కావాలంటే ముందు ఏది చదవాలో చెప్పండి. ఫ్రెండ్స్, స్టెప్పులు వదలకుండా రాసిన నోట్సు కావాలి. రోజుకి ఒక్క పుస్తకం చాలు, పొద్దున్నే తిరిగి ఇచ్చేస్తాను."

ఎన్నో ఏళ్లుగా సెలవు చీటీలు చూస్తున్నాను. తనకేం రాదో, ఎంత ఓపిక ఉందో, ఎవరి నుంచి ఏం కావాలో ఇంత విడమరిచి రాసిన పిల్లలు అరుదు. "అన్ని నోట్సులూ ఇవ్వండి" అని రాసి ఉంటే మాస్టారు చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

మాస్టారు మర్నాడే ఆ అమ్మాయికి ఒక లెక్క ఇచ్చారు. 3, 5, 7 అంటూ సాగే శ్రేఢిలో ఎన్ని పదాలు కలిపితే 120 వస్తుంది? పదాల మొత్తం కనుక్కునే సూత్రం అప్పుడే నేర్చుకుంది కాబట్టి సరిగ్గానే రాసింది. n² + 2n − 120 = 0 దగ్గర ఆగిపోయింది. అంటే అడ్డం పడింది శ్రేఢి కాదు, రాని వర్గ సమీకరణం. అందుకని ఈ వారం కారణాంక విభజన ఒక్కటే చేయించారు. 12, −10 అని విడగొట్టి, పదాల సంఖ్య రుణాత్మకం కాదు కాబట్టి n = 10 అని శుక్రవారం తనే బోర్డు మీద తేల్చింది. వచ్చే వారం రేఖీయ సమీకరణాల జత. మూడో పదం, ఏడో పదం ఇచ్చి మొదటి పదం అడిగే లెక్కలకు అది కావాలి. ఈ పని ప్రార్థనకు ముందు అరగంట జరుగుతుంది, ఓపిక ఉండేది అప్పుడే కాబట్టి. సైన్సు, సోషల్ పాఠాలు దసరా సెలవుల్లో చూసుకోవచ్చు. వాటి కోసం రేపటి పాఠం ఆగదు.

ఇక నేను ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న మాట. దయచేసి పోయిన నోట్సు మొత్తం పిల్లల చేత కాపీ చేయించకండి! ఆరు వారాల ఏడు సబ్జెక్టుల నోట్సు ఎత్తి రాయాలంటే రాత్రుళ్లు చాలవు. చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప బుర్రలోకి ఒక్క ముక్క పోదు. లెక్కల్లో అధ్యాయానికి నాలుగైదు మాదిరి లెక్కలు చూసి, పుస్తకం మూసి, తనంతట తాను చేయాలి. ఎక్కడ ఆగిందో అక్కడ గీత పెట్టుకుని మాస్టారిని అడగాలి. సైన్సులో బొమ్మలు జిరాక్సు తీయించి అతికించుకోవచ్చు, మా టీచర్లు ఒప్పుకుంటారు. పిల్లల బదులు అమ్మలు కూర్చుని నోట్సు రాసిపెట్టడం కూడా నేను చూస్తున్నాను. ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు, కానీ ఆ దస్తూరీ మాకు దొరికిపోతుంది.

"మా వాడి పుస్తకం ఇవ్వొద్దు, జబ్బు అంటుకుంటుంది" అన్నవారికి గౌరవంగా ఒక మాట. ఆ పిల్లకు కామెర్లు వచ్చింది హెపటైటిస్ ఎ అనే వైరస్ వల్ల. అది కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తుంది. కళ్లు పచ్చబడిన వారం తర్వాత ఇతరులకు సోకే అవకాశం చాలా తగ్గిపోతుంది. ఈ అమ్మాయి ఆ దశ దాటి వారాలైంది. భయపడాల్సింది నోట్సు గురించి కాదు. ఇంట్లో నీళ్లు కాచి చల్లార్చి సీసాలో పోసి పంపండి, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోమని చెప్పండి. "పరీక్షల ముందు పుస్తకం ఎలా ఇస్తాం" అన్నవారు కూడా ఉన్నారు. రాత్రి తీసుకుని పొద్దున ఇచ్చే పుస్తకం అది. మీరు వద్దన్నా ఇద్దరు అబ్బాయిలు తమ లెక్కల నోట్సు తెచ్చి ఇచ్చారు, పక్కన పెన్సిలుతో "ఇక్కడ గుర్తు మారుతుంది" అని కూడా రాసి. వాళ్లని చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో!

యూనిఫాం కొలతలు ఇవ్వనివారు ఈ వారంలో ఇవ్వండి. సైకిళ్లకు తాళాలు వేయించండి. సిరిమానోత్సవానికి వెళ్లేవాళ్లు ఒక్క రోజు సెలవుతో సరిపెట్టండి, వారమంతా కాదు.

పిల్లలు వారం దాటి మంచాన ఉంటే, తగ్గేదాకా ఆగకుండా మొదటి వారంలోనే క్లాసు టీచరుకు కబురు చేయండి. ఏ పాఠం నడుస్తోందో మేము రాసిపెట్టి ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, విజయనగరం జిల్లా