నాన్న కలెక్షన్ పుస్తకాలు పారేయకు

మస్కట్,
శుక్రవారం

చెల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వు సున్నాలు వేయిస్తున్న హడావుడిలో ఉన్నావు, నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. అటక మీద ట్రంకు పెట్టెలో దొరికిన పొడుగు నోటుబుక్కులు పాత పేపర్ల వాడికి వేసేయమన్నాడా నాన్న? వేయొద్దు. చెదలు పట్టినవి ఉంటే ఎండలో పెట్టి, మిగతావి ఒక గుడ్డసంచిలో కట్టి ఉంచు. వచ్చే ఏడాది వచ్చినప్పుడు నేను తెచ్చుకుంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్ద కథే. అప్పటికి నువ్వు పలక పట్టుకుని తిరిగే వయసు, నీకు తెలియదు.

నాన్న గుంటూరు - విజయవాడ బస్సు మీద కండక్టరుగా ఉన్న రోజులవి. పెదకాకాని, కాజ, మంగళగిరి మీదుగా వెళ్ళి, బ్యారేజీ దాటి బెజవాడలో దిగడం, మళ్ళీ వెనక్కి. రోజుకి ఆరు ట్రిప్పులు. ఇప్పటిలా టికెట్ మిషన్లు లేవు. చెక్క ట్రేలో రేటుకో రంగు చొప్పున టికెట్ల కట్టలు, ప్రతి టికెట్టుకీ నంబరు. స్టేజి వచ్చినప్పుడల్లా ఏ కట్ట ఏ నంబరు దాకా చిరిగిందో ఎస్సార్ అనే లెక్కల కాగితంలో రాయాలి. ట్రిప్పు చివర ఆఖరి నంబరులోంచి మొదటి నంబరు తీసేస్తే అమ్మిన టికెట్లు, దాన్ని రేటుతో గుణిస్తే రావాల్సిన డబ్బు. సంచిలో అంతకన్నా తక్కువుంటే జేబులోంచి వేసుకోవడమే.

ఆ ఎస్సార్ కాగితం డిపోలో ఇచ్చేయాలి కదా, అందుకని నాన్న సొంతానికి ఈ నోటుబుక్కు పెట్టుకున్నాడు. పేజీకి ఒక రోజు. ట్రిప్పుకో వరస, చివర మొత్తం, పక్కన చేతిలో ఉన్న డబ్బు, ఆఖరి గడిలో తేడా. కౌంటర్లో డబ్బు కట్టే ముందు బెంచీ మీద కూర్చుని ఇది పూర్తి చేసేవాడు. తేడా వస్తే మళ్ళీ మొదట్నుంచీ కూడటం, మళ్ళీ నోట్లు లెక్కపెట్టడం. ఇంటికొచ్చేసరికి పదకొండు. అన్నం చల్లారిపోయిందని అమ్మ గొణుక్కుంటూ చారు వెచ్చబెట్టేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం రాత్రి నాన్న నన్ను పిలిచి, 'ఒరేయ్, ఈ నెల తేడాలన్నీ వరసగా చదవరా' అన్నాడు. చదివాను. 9, 27, 2, 18, 45, 9, 2, 54, 5, 36, 2, 90. ఆయన చేతిలో ఎర్ర పెన్సిలుంది. 'ఇందులో నీకేం కనిపిస్తోంది?' అన్నాడు. నాకేమీ కనిపించలేదు, నిద్ర తప్ప. అప్పుడాయన ఒక్కొక్కదాని చుట్టూ సున్నా చుట్టుకుంటూ పోయాడు: తొమ్మిది, ఇరవై ఏడు, పద్దెనిమిది, నలభై ఐదు... అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే. పన్నెండింట్లో ఎనిమిది. 'నా డబ్బుకి తొమ్మిదంటే ఎందుకింత మోజు?' అని నవ్వాడు గానీ, ఆ వారమంతా ఆయన బుర్రలో అదే తిరిగింది. డిపోలో ఒకాయన శనిదోషం అన్నాట్ట. నువ్వుల నూనె దీపం పెట్టమని అమ్మకి కూడా కబురు చేరింది.

కిటుకు దొరికింది బడిలో కాదు, బస్సులోనే. ఆ రోజు పేజీ నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఎందుకంటే తర్వాత నాన్న దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఆరు ట్రిప్పులు: 338, 416, 352, 294, 427, 361. మొత్తం 2188. సంచిలో 2143. తేడా 45. నాన్న మళ్ళీ కూడాడు, అంతే వచ్చింది. చివరికి విసుగొచ్చి ఎస్సార్ తీసి వరస వరసా పోల్చాడు. ఆఖరి ట్రిప్పు ఎస్సార్లో 316 ఉంది, పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు 361 అయింది. డబ్బు ఎక్కడికీ పోలేదు. పక్కపక్క అంకెలు రెండూ చోట్లు మార్చుకున్నాయి, అంతే.

పడుకోబోతున్నవాడల్లా లేచి, గుడ్డిదీపం వెలుగులో వేరే అంకెలు తిరగేసి చూశాడు. 52 ని 25 చేస్తే తేడా 27. 83 ని 38 చేస్తే 45. ఏ రెండింటిని తిరగేసినా తొమ్మిదే. పొద్దున్నే నాకు చిల్లరతో చూపించాడు. ఒకట్ల స్థానంలో ఉన్న ఆరుని పదుల స్థానంలోకి జరిపితే ఆరు కాస్తా అరవై అవుతుంది, అంటే ఆరు తొమ్మిదులు పెరుగుతాయి. పదుల్లో ఉన్న ఒకటి ఒకట్లలోకి దిగితే పది కాస్తా ఒకటవుతుంది, ఒక తొమ్మిది తగ్గుతుంది. మిగిలింది ఐదు తొమ్మిదులు, నలభై ఐదు. అందుకే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే పడుతుంది. మా లెక్కల మాస్టారు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేదు.

అసలు లాభం ఆ తర్వాత చూశాడు. తేడాని తొమ్మిదితో భాగిస్తే వచ్చేది ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం. 45 ని భాగిస్తే 5. కాబట్టి చివరి రెండు అంకెల మధ్య ఐదు తేడా ఉన్న వరస ఎక్కడుందో వెతికితే చాలు. పైగా డబ్బు తక్కువొచ్చిందంటే పుస్తకంలో ఎక్కువ రాశామన్నమాట, అంటే పెద్ద అంకె ముందుకొచ్చింది. ఆ ఆరు వరసల్లో అలాంటివి రెండే: 294, 361. 338, 416, 427 లలోనూ ఐదు దూరమే గానీ పెద్ద అంకె వెనకుంది, అవి కావు. రెండు వరసలు ఎస్సార్‌తో పోల్చడానికి ఎంతసేపు? తేడా 45 కాక 450 అయితే ఒక సున్నా ఎక్కువ కాబట్టి వందలు, పదుల దగ్గర చూడాలి. అప్పట్నుంచి నాన్న తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండేవాడు.

ఇంకోటి కూడా ఆ ఎర్ర సున్నాలే చెప్పాయి. తిరగబడ్డవి దాదాపు అన్నీ ఆఖరి ట్రిప్పువే. అలసట, బస్సులో ఆ పసుపుపచ్చ బల్బు. దాంతో ఆఖరి ట్రిప్పు అంకెల్ని పైకి చదవడం మొదలెట్టాడు. 'మూడు, ఒకటి, ఆరు' అని నాన్న అంటే, డ్రైవరు బాబాయి బీడీ ముట్టించుకుంటూ 'మూడు, ఒకటి, ఆరు' అని తిరిగి చెప్పేవాడు. మూడొందల పదహారు అని చెబితే ఒప్పుకునేవాడు కాదు, అంకె అంకెగా చెప్పాల్సిందే.

అలాగని తొమ్మిదిని గుడ్డిగా నమ్మడానికీ లేదు. ఒకసారి 36 తక్కువొచ్చింది. నాలుగు దూరమని నాన్న పుస్తకమంతా గాలించాడు, ఒక్క వరసా తిరగబడలేదు. పడుకున్నాక గుర్తొచ్చింది. మంగళగిరిలో పెళ్ళివారు ఎక్కారు, ఆరుగురికి ఆరు రూపాయల టికెట్లు కొట్టాడు, 'డబ్బులు వెనకాయన ఇస్తాడు' అన్నారు, వెనకాయన దిగిపోయాడు. ఆరారులు ముప్పై ఆరు! ఎంత తేడా వచ్చినా తొమ్మిదింట ఒకటి ఊరికే తొమ్మిదితో భాగం పోతుంది కదా. 30 రాయబోయి 300 రాసినా తేడా 270, అదీ తొమ్మిదిదే, కానీ అక్కడ ఏదీ తిరగబడలేదు. ఒకే రోజు రెండు తప్పులు కలిస్తే ఇక ఈ దూరం లెక్కని నమ్మలేం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నెలాఖరు. ఇక్కడ మా కూరగాయల గోడౌను లెక్కల్లో 450 బైసలు తేడా. ఇక్కడ రియాలుకి వెయ్యి బైసలు. మొత్తం చూస్తే చిన్నదే గానీ లెక్క మూసేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. నా పక్క సీటు మలయాళీ కుర్రాడు కాగితాలన్నీ ముందేసుకుని తల పట్టుకున్నాడు. నేను తొమ్మిదితో భాగించాను, యాభై. ఐదు దూరం, వందలు, పదుల చోట. చేత్తో టైపు చేసిన బిల్లులు మాత్రమే చూడమన్నాను. ఉల్లిపాయల బిల్లు ఒకటి 27.380, వాడు 27.830 కొట్టాడు. 'ఏ కోర్సులో నేర్పారు?' అన్నాడు. గుంటూరు డిపోలో అన్నాను. వాడికి అర్థం కాలేదు.

సరే, అసలు సంగతి. పైన చదివిన తేడాల్లో 2 లు మూడున్నాయి చూడు, వాటి చుట్టూ ఎర్ర సున్నా లేదు. రెండు రూపాయలు ఏ అంకెలు తిరగేసినా రాదు. అది రాతలో తప్పు కాదు, సంచిలో డబ్బే తగ్గింది. నాన్న తారీఖులు చూసుకున్నాడు. అన్నీ ఆదివారాలే. ఆదివారం మధ్యాహ్నం బస్టాండుకి క్యారియరు తీసుకెళ్ళేది నేను. నాన్న పంపు దగ్గర చేతులు కడుక్కోవడానికి వెళ్తూ సంచి నా ఒళ్ళో పెట్టేవాడు. ఒక గోలీ సోడా, రెండు మిర్చి బజ్జీలు.

ఆయన నన్నేమీ అడగలేదు. ఒక ఆదివారం చేతులు కడుక్కోవడానికి లేచి, సంచి ఎప్పట్లాగే నా ఒళ్ళో పెట్టి, చొక్కా జేబులోంచి రెండు రూపాయలు తీసి నా చేతిలో పెట్టాడు. 'సోడా తాగు' అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆదివారాల్లో తేడా రాలేదు.

ఇక్కడికొచ్చే ముందు పాస్‌పోర్టు కాగితాల కోసం ఆ పెట్టె తీసినప్పుడు పుస్తకం తిరగేశాను. ప్రతి రెండు పక్కనా పెన్సిలుతో చిన్నగా 'బా' అని రాసుంది. నన్ను బాబిగాడనేవాడు కదా.

నాన్న పడుకున్నాక ఒకసారి ఆ పుస్తకం చూసి ఎన్ని 'బా' లున్నాయో లెక్కపెట్టి చెప్పు. పదకొండని నా గుర్తు. ఇంకెక్కువుంటే ఆ సంగతి బావగారికి మాత్రం చెప్పకు. అమ్మ మోకాళ్ళ నొప్పికి నూనె ఇక్కడి వాళ్ళెవరో వస్తుంటే పంపుతున్నాను, రాత్రిళ్ళు రాయమను.

నీ అన్నయ్య