అల్లూరు రొయ్యల గుంటల లీజు సంగతి

సింగపూర్,
ఆదివారం

నాయనా,

లీజు కాగితాలు వాట్సాప్‌లో అందినాయి. 12 పేజీలు, 31 షరతులు. ఫోన్లో చదివితే అంతా సరిగ్గానే ఉందనిపించింది. మనసొప్పక ప్రింటు తీసుకున్నాను. ఇక్కడ ఆఫీసులో రోజూ చేసే పనే, ప్రతి షరతు పక్కన అది దేని గురించో ఒక్క మాట రాసుకుంటూ పోయినాను: కౌలు, అడ్వాన్సు, కరెంటు, గట్లు... 19 పక్కన ‘ఖాళీ’ అని రాయబోయి ఆగిపోయినాను. ఆ మాట 6 పక్కన ముందే రాసున్నాను.

6లో ఇట్లా ఉంది: “గుంటల్లో పంట లేని సమయంలో మాత్రమే, 90 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి, సొంతదారు గుంటలు ఖాళీ చేయించుకోవచ్చును.” 19లో: “యజమాని మూడు నెలల ముందు తెలియజేసి ఎప్పుడైనా గుంటలు స్వాధీనం చేసుకోవచ్చును.”

చూపుకు రెండూ ఒకటే. 90 రోజులకీ మూడు నెలలకీ తేడా ఒకటి రెండు రోజులే, దానికి ఎవరూ కొట్లాడుకోరు. నన్ను ఆపింది ‘ఎప్పుడైనా’ అన్న మాట. పిల్ల వదిలిన పదో రోజు ఆయన ఫోన్ చేసి చెప్పాడనుకో, నూరో రోజుకల్లా గుంట అప్పగించాలి. 120 రోజులకి పడదామనుకున్న రొయ్యని ఎదగకముందే తెగనమ్ముకోవాలి. 19లో ‘రాతపూర్వక’ కూడా లేదు చూడు.

లేఖరిని అనుమానించొద్దు. 13 దాకా ‘సొంతదారు’, 14 నుంచి ‘యజమాని’. రెండు పాత లీజులు కలిపి టైపు చేసుంటాడు.

ఇట్లాంటివి కోర్టుకు పోతే ముందు రెండూ పొసిగేటట్టు చదవాలని చూస్తారు. బొత్తిగా పొసగకపోతే దస్తావేజులో ముందున్న షరతే నిలుస్తుందనేది పాత సూత్రం. (వీలునామాకైతే తిరగబడుతుంది, చివరిది నిలుస్తుంది.) 6 ముందుంది గదా అని ధీమా పడొద్దు. 19 వేరే హక్కు, రెండూ పక్కపక్కనే ఉండొచ్చని ఆయన వకీలు వాదిస్తే మనం ఇరుక్కుంటాం.

6 ఉంచి 19 పూర్తిగా తీసేయమను. కానీ 22 చూడు, “19వ షరతు ప్రకారం ఖాళీ చేసినచో” అడ్వాన్సు తిరిగిస్తామని ఉంది. అక్కడ 19 బదులు 6 అని మార్చకపోతే మన అడ్వాన్సు లేని షరతుకు వేలాడుతుంది. 19 పోతే కింది నంబర్లన్నీ ఒకటి తగ్గుతాయి, ఇంకెక్కడన్నా నంబరు చెప్పుంటే అదీ మార్చమను.

ఐదేళ్ల లీజు గాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. అయ్యాక దిద్దాలంటే సవరణ దస్తావేజు రాయించి, ఆయన చేత మళ్లా సంతకం పెట్టించాలి. అప్పుడు ఆయన ఒప్పుకుంటాడో లేదో. అందుకే కొత్త ప్రతి వచ్చాక దిద్దిన పేజీ ఒక్కటే కాదు, మొత్తం 12 పేజీలూ ఫొటో తీసి పంపు. బుధవారం రాత్రికి చదివి ఫోన్ చేస్తాను.

అమ్మ మోకాలి నొప్పి ఎట్లుంది?

నీ కూతురు